ఫీజు వద్దన్న సలహాదారుకు డబ్బు ఎవరిస్తున్నారు?

ప్రశ్న: నేను ఈ మధ్యే రిటైర్ అయ్యాను. మా బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్ "నేనే మీ అడ్వైజర్‌ని, రూపాయి ఫీజు అక్కర్లేదు" అంటూ 20 లక్షలు మ్యూచువల్ ఫండ్లలో పెట్టించాడు. ఎఫ్‌డీ లాంటిదేనని చెప్పి ఏడాదికి 5 లక్షల చొప్పున పదేళ్లు కట్టే పాలసీ కూడా ఇచ్చాడు. పాలసీ కాగితాలు వచ్చి 12 రోజులైంది. ఏడాదికి 18 వేలు ఫీజు తీసుకునే సలహాదారు దగ్గరికి వెళ్దామని మా అబ్బాయి అంటున్నాడు. ఉచితంగా చెప్పేవాళ్లుండగా అది దండగ కాదా? - ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు పాలసీ సంగతి చూడండి. దానికి గడువుంది. పాలసీ పత్రం మీకు అందిన రోజు నుంచి 30 రోజుల లోపు, షరతులు నచ్చకపోతే రద్దు చేసుకునే హక్కు మీకుంది. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. అన్ని రోజులు బీమా రక్షణ ఇచ్చినందుకు కొంత, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయించుకుని మిగతా ప్రీమియం కంపెనీ తిరిగివ్వాలి. అయితే పత్రం మీ మెయిల్‌కి ముందే వచ్చి ఉంటే ఆ రోజు నుంచే లెక్క మొదలైందని కంపెనీ అనొచ్చు. ఈరోజే మెయిల్ వెతికి చూడండి. రద్దు కోరుతూ బీమా కంపెనీకే రాయండి. మేనేజర్‌కి నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. "ఒక్క వారం ఆగండి సార్, పై ఆఫీసుతో మాట్లాడతాను" అని అతను అనవచ్చు, అలా ఆగి గడువు దాటబెట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. కంపెనీ శాఖలో లేఖ ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

ఇక ఫీజు సంగతి. కమీషన్ తీసుకుని ఫండ్లు, పాలసీలు అమ్మడం నేరం కాదు. బీమా విషయంలో బ్యాంకు కంపెనీకి ఏజెంటు. ఫండ్ల విషయంలో డిస్ట్రిబ్యూటరు. కానీ సలహాదారు అనే మాటకు చట్టంలో వేరే అర్థం ఉంది. సెబీ 2013 నిబంధనల కింద రిజిస్టర్ అయిన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ క్లయింటు మేలునే ముందు చూడాలి. సలహా ఇచ్చిన క్లయింటు దగ్గర తప్ప, ఆ పథకం మీద ఇంకెవరి దగ్గరా ప్రతిఫలం తీసుకోకూడదు. డిస్ట్రిబ్యూటర్లు ఆ రిజిస్ట్రేషన్ లేకుండా 'ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్', 'వెల్త్ అడ్వైజర్' అని పేరు పెట్టుకోకూడదని 2020లో సెబీ స్పష్టం చేసింది.

మీ దగ్గరున్న కాగితాల్లోనే తేడా తెలుస్తుంది. ఫండ్ స్టేట్‌మెంట్‌లో పథకం పేరు పక్కన Regular అని ఉందా, Direct అని ఉందా చూడండి. Regular అంటే డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొన్నది, అందులో కమీషన్ ఉంటుంది. Direct అంటే నేరుగా కొన్నది, కమీషన్ ఉండదు. Regular అయితే డిస్ట్రిబ్యూటర్ ARN నంబరు కూడా ఉంటుంది. ఆరు నెలలకోసారి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో డిస్ట్రిబ్యూటర్‌కు ఎంత కమీషన్ ముట్టిందో రూపాయల్లో ఉంటుంది. రెండు రకాల ఖర్చుల మధ్య తేడా పథకాన్ని బట్టి మారుతుంది. ఏడాదికి 1 శాతం అనుకుంటే 20 లక్షల మీద 20 వేలు. ఫండ్ విలువ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. బిల్లు చేతికి రాదు, ఫండ్ విలువలోంచే పోతుంది కాబట్టి ఉచితంగా అనిపిస్తుంది. దీని పక్కన 18 వేల ఫీజు పెట్టి చూడండి. అలాగని ఉన్న ఫండ్లన్నీ వెంటనే Directకి మార్చకండి. అలా మార్చడం చట్టం దృష్టిలో అమ్మకమే, తొందరగా అమ్మినందుకు కోసుకునే ఎగ్జిట్ లోడ్, పన్ను పడవచ్చు.

ఫీజు తీసుకున్నంత మాత్రాన స్వార్థం ఉండదనీ కాదు. కొందరు మీ మొత్తం డబ్బులో ఇంత శాతమని ఫీజు తీసుకుంటారు. అలాంటివారికి, మీరు హోమ్ లోన్ తీర్చడానికి ఫండ్లలోంచి 10 లక్షలు తీస్తే ఆదాయం తగ్గుతుంది. అందుకే మీలాంటివారికి ఏడాదికింత అని ముందే తేల్చుకునే ఫీజు నయమని నా అభిప్రాయం. ఇంకొకటి, "పాలసీ కావాలంటే మా ఆవిడ ఏజెంటు, ఆమె దగ్గర తీసుకోండి" అంటే లేచి రండి. సలహా ఇచ్చిన క్లయింటుకు ఆ సలహాదారు కుటుంబం అమ్మకాలు చేయకూడదు.

కొత్త వ్యక్తి దగ్గరికి వెళ్లే ముందు INAతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, sebi.gov.inలోని జాబితాలో పేరూ నంబరూ సరిపోల్చుకోండి. ఒప్పందం రాసుకున్నాకే ఫీజు ఇవ్వండి, అదీ బ్యాంకు ద్వారానే. "నాకు చెప్పే ఏ పథకం మీదైనా మీకు గానీ, మీ కుటుంబానికి గానీ, మీ సంస్థకు గానీ ఎవరైనా డబ్బు ఇస్తున్నారా?" అని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెబుతాననేవారికి డబ్బు అప్పగించవద్దు.

పాలసీ రద్దుకు గడువు దాటిపోయినా దారి మూసుకుపోదు. ఎఫ్‌డీ లాంటిదని చెప్పి బీమా అమ్మడం తప్పుడు అమ్మకం. ముందు కంపెనీకి ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, ఫీజు లేదు. అక్కడ మీకు అడ్డం వచ్చేది మీ గొంతే కావచ్చు. పాలసీ ఇచ్చే ముందు కంపెనీ చేసే ఫోన్‌కాల్‌లో "అన్నిటికీ అవునని చెప్పండి" అని మేనేజర్ పక్కనే ఉండి చెప్పిస్తాడు, అది రికార్డవుతుంది. కాబట్టి "ఎఫ్‌డీ లాంటిదే" అంటూ అతను పంపిన వాట్సాప్ మెసేజ్‌లుంటే ఒక్కటీ డిలీట్ చేయకండి.