ఫాలోఅప్ మెయిల్‌లో వీసా పేరు వద్దు, తేదీలు చెప్పండి

ప్రశ్న: "అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాను, 2025 ఆగస్టులో చేరాను. జూన్ 1 నుంచి ఆగస్టు 21 వరకు ఉండే ఒక ఇంటర్న్‌షిప్‌కి ఇంటర్వ్యూ అయి పది రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. వర్క్ ఆథరైజేషన్ గురించి అడిగితే 'ఎఫ్-1 వీసా మీద ఉన్నాను, సీపీటీ వస్తుంది' అన్నాను. ఫాలోఅప్ మెయిల్‌లో మళ్లీ ఆ సంగతి ఎత్తాలా, వదిలేయాలా?"

ఎత్తాలి. మీరు ఇంటర్వ్యూలో అన్న మాట అబద్ధం కాదు గానీ, అవతలివాళ్లకి అది అర్థమైందనుకోవడం పొరపాటు. రిక్రూటర్ చెవిన 'వీసా' అనే మాట పడగానే గుర్తొచ్చేది కంపెనీ స్పాన్సర్ చేయాల్సిన ఉద్యోగ వీసా హెచ్-1బీ. అంటే లాటరీ, లాయరు, కంపెనీ కట్టాల్సిన ఫీజులు. పెద్ద కంపెనీల్లో ఏటా విదేశీ విద్యార్థుల్ని తీసుకునేవాళ్లకి సీపీటీ అంటే తెలుస్తుంది. రెండొందల మంది ఉన్న కంపెనీలో హెచ్‌ఆర్ మనిషికి ఆ మూడక్షరాలు ఎప్పుడూ తగిలి ఉండకపోవచ్చు. తెలియనిదాన్ని అడిగి తెలుసుకునేకంటే పక్కన పెట్టడం వాళ్లకి తేలిక.

అసలు వీసా అన్నది పాస్‌పోర్టులో దేశంలోకి రావడానికి వేసిన ముద్ర. పని చేసే అనుమతి అందులో ఉండదు. సీపీటీ అనేది చదువులో భాగంగా పని చేయడానికి మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓ, ఇచ్చే అనుమతి. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో ఎక్కించి, మీ విద్యార్థి హోదాకి ఆధారమైన ఐ-20 పత్రం కొత్తది ఇస్తారు. దాని రెండో పేజీలో కంపెనీ పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఫుల్‌టైమా పార్ట్‌టైమా అన్నది అచ్చై వస్తాయి. దీనికి ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి దరఖాస్తు లేదు, అక్కడ కట్టాల్సిన ఫీజు లేదు, విడిగా కార్డూ రాదు. కంపెనీ నుంచి కావాల్సింది ఒక్క ఆఫర్ లెటర్, అదీ సమయానికి. మీ మెయిల్ చెప్పాల్సింది ఈ సంగతే.

మెయిల్ రాసే ముందు మీరు అర్హులో కాదో చూసుకోండి. సీపీటీకి సాధారణంగా ఒక పూర్తి అకడమిక్ ఇయర్ చదివి ఉండాలి. మీరు ఆగస్టులో చేరారు కాబట్టి ఫాల్, స్ప్రింగ్ రెండూ మేలో పూర్తవుతాయి, జూన్ 1కి ఇబ్బంది లేదు. 2026 జనవరిలో చేరినవాళ్లకి మాత్రం ఈ వేసవికి చాలా యూనివర్సిటీల్లో కుదరదు. స్ప్రింగ్, ఫాల్ అయ్యాక 2027 జనవరి నుంచే అర్హత వస్తుంది. కోర్సులోనే మొదటి నుంచి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయిన పీజీ ప్రోగ్రాములకి మినహాయింపు ఉంది, కానీ మామూలు ఎంఎస్‌లన్నీ అందులోకి రావు. ఇక్కడ మన వాట్సాప్ గ్రూపుల మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. హైదరాబాద్‌లో ఫ్లైట్ ఎక్కకముందే జనవరి ఇన్‌టేక్ పిల్లలకి 'మే నెలకల్లా ఇంటర్న్‌షిప్ గ్యారంటీ' అని చెప్పేవాళ్లు ఈ నియమం ఒక్కసారైనా చదివారా అనిపిస్తుంది. ఆ పిల్లలు వందల అప్లికేషన్లు పెట్టి, ఆఫర్ వచ్చాక డీఎస్‌ఓ కాదన్నప్పుడు తెలుసుకుంటున్నారు.

ఇక తేదీలు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు వెబ్‌సైట్‌లో మూడు సంగతులు చూసి రాసిపెట్టుకోండి: సీపీటీకి ఎన్ని పనిదినాలు పడుతుంది, వేసవిలో ఇంటర్న్‌షిప్ కోర్సుకి రిజిస్టర్ కావాలా, ఆఫర్ లెటర్‌లో ఏమేం ఉండాలి. సీపీటీ చదువులో భాగమై ఉండాలి గనక చాలా చోట్ల ఒక క్రెడిట్ కోర్సు తీసుకోమంటారు, దానికి డిపార్ట్‌మెంట్ సంతకం కావాలి, ఫీజు కూడా ఉంటుంది. మీ దగ్గర పది పనిదినాలు అన్నారనుకుందాం. జూన్ 1 సోమవారం నుంచి వెనక్కి లెక్కేయండి.

ఏప్రిల్ 24 శుక్రవారానికి ఆఫర్ లెటర్ చేతికొస్తే, 27 సోమవారం అప్లికేషన్ వేస్తారు. మే 8 శుక్రవారానికి కొత్త ఐ-20 వస్తుంది. మీరు క్యాంపస్‌లో ఎప్పుడూ పని చేసి ఉండకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు. అది కావాలంటే పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94, సీపీటీ అచ్చైన ఐ-20 పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లాలి. పని మొదలయ్యే తేదీకి 30 రోజులకంటే ముందే వెళ్తే తీసుకోరు. జూన్ 1కి ఆ లెక్కన మే 2 తర్వాతే. ఐ-20 మే 8న వస్తే ఆ తర్వాతి వారమే వెళ్లొచ్చు, కార్డుకి సుమారు రెండు వారాలు. జూన్ 1కి నంబరు ఇంకా రాకపోయినా పని మొదలుపెట్టొచ్చు. పని అర్హత చూడడానికి కంపెనీ నింపించే ఐ-9 ఫారానికి పాస్‌పోర్టు, ఐ-94, సీపీటీ ఉన్న ఐ-20 సరిపోతాయి. నంబరు వచ్చాక పేరోల్‌కి ఇస్తారు.

ఇందులో రిక్రూటర్‌కి కావాల్సింది ఒక్క తేదీ: ఏప్రిల్ 24. మిగతావన్నీ మీ ఇంటి పని. సెవిస్ గురించి, సోషల్ సెక్యూరిటీ గురించి వాళ్లకి రాస్తే మళ్లీ భయపెట్టినట్టే అవుతుంది.

మెయిల్ ఎలా ఉండాలో తెలుగులోనే పెడుతున్నాను. ఇంగ్లీషులో మీ మాటల్లో రాసుకోండి, వాక్యాల వరస మాత్రం ఇదే ఉంచండి. పాత మెయిల్‌కే రిప్లై కొట్టండి, కొత్త సబ్జెక్టు లైన్‌తో మొదలుపెడితే మీరెవరో వెతుక్కోవాల్సి వస్తుంది.

"మార్చి 10న మీ డేటా టీమ్‌తో జరిగిన ఇంటర్వ్యూ తర్వాత సమ్మర్ ఇంటర్న్‌షిప్ గురించి రాస్తున్నాను. పైప్‌లైన్ ఆలస్యాల గురించి మాట్లాడుకున్నాక ఈ పని మీద ఆసక్తి ఇంకా పెరిగింది. వర్క్ ఆథరైజేషన్ గురించి ఆ రోజు క్లుప్తంగా చెప్పాను, ఇప్పుడు తేదీలతో చెబుతున్నాను. జూన్ 1 నుంచి ఆగస్టు 21 వరకు ఫుల్‌టైమ్ పని చేయడానికి నాకు యూనివర్సిటీ ద్వారా, సీపీటీ కింద అనుమతి వస్తుంది. ఈ ఇంటర్న్‌షిప్‌కి కంపెనీ ఏ పిటిషనూ వేయనక్కర్లేదు, ప్రభుత్వ ఫీజు ఏదీ కట్టనక్కర్లేదు. నాకు కావాల్సింది ఆఫర్ లెటర్ ఒక్కటే. అది అందాక యూనివర్సిటీకి పది పనిదినాలు పడుతుంది కాబట్టి, ఏప్రిల్ 24లోపు వస్తే జూన్ 1కి అన్నీ సిద్ధంగా ఉంటాయి. మీ నిర్ణయం ఎప్పటికి తెలుస్తుందో చెప్పగలరా?"

అంతే. ఇందులో 'వీసా' లేదు, 'ఎఫ్-1' కూడా లేదు, అడిగితే చెప్పండి. చివరి వాక్యం ప్రశ్నగా ఉండాలి, ఎందుకంటే ప్రశ్న ఉంటేనే ఎవరైనా జవాబిస్తారు. 'మీ స్పందన కోసం ఎదురుచూస్తూ' అని ముగిస్తే వాళ్లు చేయాల్సింది ఏమీ లేదు.

రాయకూడని వాక్యాలు రెండు. ఒకటి, 'నాకు ఇప్పుడే పని చేసే అనుమతి ఉంది'. మార్చిలో మీకు అది లేదు. జూన్ 1 తేదీతో ఐ-20 వచ్చాక, ఆ తేదీ నుంచే ఉంటుంది. రెండు, 'నాకు ఎప్పటికీ స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు'. సీనియర్లు పంపే టెంప్లేట్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, నాకు నచ్చనిదీ ఇదే. అప్లికేషన్ ఫారంలో సాధారణంగా రెండు ప్రశ్నలుంటాయి. అమెరికాలో చట్టబద్ధంగా పని చేయగలరా అన్నది ఒకటి. ఇప్పుడు గానీ ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా అన్నది రెండోది. చదువయ్యాక పని చేయనిచ్చే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ డిగ్రీ అయితే మరో 24 నెలల పొడిగింపు ఉన్నా, ఆ తర్వాత అక్కడే పని చేయాలనుకుంటే హెచ్-1బీ లాంటిది కావాల్సిందే. కాబట్టి 'ముందుముందు' అన్న మాట ప్రశ్నలో ఉంటే నిజమైన జవాబు అవును. ప్రశ్న ఈ ఇంటర్న్‌షిప్ వరకే అయితే కాదు. ఫారంలో అవును అని పెట్టి మెయిల్‌లో 'ఏమీ అక్కర్లేదు' అని రాస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అందుకే పై మెయిల్‌లో 'ఈ ఇంటర్న్‌షిప్‌కి' అన్న మాట పెట్టాను, దాన్ని తీసేయకండి.

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు చదవకుండా అప్‌లోడ్ చేయొద్దు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉద్యోగం పేరు, మొదలు ముగింపు తేదీలు, వారానికి ఎన్ని గంటలు, పని చేసే చోటి చిరునామా ఉండాలి. చేసే పని వివరం, మేనేజర్ పేరు కూడా చాలా చోట్ల అడుగుతారు. ఎక్కువగా కనిపించే లోపం ముగింపు తేదీ లేకపోవడం. 'సుమారు పన్నెండు వారాలు' అని రాస్తే డీఎస్‌ఓ తిప్పి పంపుతారు, సరిచేసిన లెటర్ వచ్చేసరికి వారం పోతుంది. వారానికి 20 గంటలు దాటితే ఫుల్‌టైమ్ కింద లెక్క. ఫుల్‌టైమ్ సీపీటీ మొత్తం 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ పోతుంది. మీవి పన్నెండు వారాలే గనక దిగులు లేదు.

ఐ-20 మీద ఉన్న తేదీకి ముందు ఒక్క రోజు కూడా పని చేయకూడదు. టీమ్ వాళ్లు ప్రేమగానే 'మే 27న ఓరియంటేషన్‌కి ఆన్‌లైన్‌లో రా' అంటారు. జీతం లేదు కదా అని వెళ్లకండి, అదీ పని కిందికే రావొచ్చు. తేదీ ముందుకు జరపాలంటే ముందు డీఎస్‌ఓ దగ్గర మార్పించాలి. ఆగస్టు 21 తర్వాత రెండు వారాలు ఉండమన్నా అంతే, ఆ తేదీ రాకముందే కొత్త ఐ-20 చేతిలో ఉండాలి.

ఆఫర్ ఆలస్యమై మే 15 శుక్రవారం వచ్చిందనుకోండి. 18న అప్లికేషన్ వేస్తే, 25న మెమోరియల్ డే సెలవు గనక పదో పనిదినం జూన్ 1 అవుతుంది. ఆ రోజు సాయంత్రం ఐ-20 వస్తుందని నమ్మి పొద్దున్నే ఆఫీసుకి వెళ్లకూడదు. వెనకటి తేదీతో సీపీటీ ఇవ్వరు. ఆఫర్ వచ్చిన రోజే రిక్రూటర్‌కి ఇలా రాయండి: "యూనివర్సిటీ అనుమతికి పది పనిదినాలు పడుతుంది, మధ్యలో ఒక సెలవుంది. మొదలయ్యే తేదీని జూన్ 8కి మార్చి లెటర్ ఇవ్వగలరా?" ఒక్క వారం జరపడానికి కాదనే కంపెనీలు తక్కువ. మే నెలాఖరున, అదీ ఐ-20 రాలేదని తెలిశాక అడిగితేనే చిక్కు.