గొంతు నొప్పి ఉన్నప్పుడు బిడ్డకు పాలివ్వవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు రెండున్నర నెలలు. నా పాలే తాగుతోంది. రెండు రోజులుగా నాకు గొంతు నొప్పి, ముక్కు దిబ్బడ, కొద్దిగా జ్వరం ఉన్నాయి. తగ్గేదాకా పాలు మాన్పించమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. జలుబు మాత్రలు, పుక్కిలించే అయోడిన్ మందు ఇంట్లోనే ఉన్నాయి. వాడవచ్చా?

జవాబు: పాలు మాన్పించకండి, ఎప్పటిలాగే ఇవ్వండి. ఇలాంటి గొంతు నొప్పి చాలావరకు వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ పాపకు సోకేది పాల ద్వారా కాదు, మీ దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా, చేతుల ద్వారా. పైగా మీకు నొప్పి మొదలయ్యే నాటికే పాప ఆ వైరస్‌కు దగ్గరగా మసలి ఉంటుంది. దాన్ని ఎదుర్కోవడానికి మీ శరీరం తయారుచేసే యాంటీబాడీలు పాలలోకి వస్తాయి కనుక ఇప్పుడు పాలు ఆపితే పాపకు ఆ రక్షణ పోతుంది. హఠాత్తుగా మానేస్తే మీకూ రొమ్ములు గడ్డకట్టి, వాచి, జ్వరం ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. పాపను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, పాలిచ్చేటప్పుడు మాస్కు పెట్టుకోండి, తగ్గేవరకు ముద్దులు పెట్టకండి.

నిజంగా జాగ్రత్త పడవలసింది మీ ఇంట్లో ఉన్న ఆ రెండు మందుల విషయంలోనే. జలుబు మాత్ర అంటే సాధారణంగా ఒకే మందు కాదు, మూడు నాలుగు మందుల మిశ్రమం. అట్ట వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లను ఒక్కొక్కటిగా చదవండి. ముక్కు దిబ్బడ కోసం కలిపే సూడోఎఫెడ్రిన్ పాలను తగ్గిస్తుంది. ఒక చిన్న అధ్యయనంలో 60 మిల్లీగ్రాముల ఒక్క మోతాదుకే ఆ రోజు పాలు సగటున నాలుగో వంతు తగ్గాయి. క్లోర్‌ఫెనిరమిన్ వంటివి పాపను మగతగా ఉంచవచ్చు. దగ్గు మందులో కోడీన్ ఉంటే అసలు తాగకండి, ఎందుకంటే కొందరు తల్లుల శరీరంలో అది చాలా వేగంగా మార్ఫిన్‌గా మారి, పాల ద్వారా చేరి, బిడ్డ శ్వాసను మందగింపజేస్తుంది. నొప్పికి ఆస్పిరిన్ కూడా వద్దు.

అయోడిన్ మందుతో పుక్కిలించడం పైపైన చేసేదే కదా అనిపిస్తుంది గానీ, నోటి పొరల నుంచి అయోడిన్ రక్తంలోకి, అక్కడి నుంచి పాలలోకి చేరుతుంది. రోజుకు అనేకసార్లు, రోజుల తరబడి వాడితే పసిబిడ్డ థైరాయిడ్ పనితీరు మందగించవచ్చు. దాని బదులు గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించి ఉమ్మేయండి. నొప్పి, మంట తగ్గడానికి అది చాలు.

నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకు ఒకటి చొప్పున, రోజుకు నాలుగుకు మించకుండా వేసుకోవచ్చు. పాలలోకి వెళ్లేది చాలా కొద్ది పరిమాణం, నేరుగా పిల్లలకు ఇచ్చే మోతాదు కంటే ఎంతో తక్కువ. అయితే జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కనుక రెండూ కలిపి వేసుకుంటే మోతాదు మీకు తెలియకుండానే రెట్టింపవుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. పారాసిటమాల్‌తో నొప్పి తగ్గకపోతే ఇబుప్రోఫెన్ కూడా పాలిచ్చే తల్లులకు సురక్షితమైనదే, కానీ కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు వేసుకోండి. తేనె మీరు తీసుకోవచ్చు. పాపకు మాత్రం ఏడాది నిండేవరకు వేలితో కూడా నాకించకండి, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

మీరు చెప్పిన ముక్కు దిబ్బడ వైరస్‌నే సూచిస్తోంది. దగ్గు, జలుబు ఏమీ లేకుండా జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి, టాన్సిళ్లపై తెల్లని మచ్చలు, దవడ కింద నొప్పిగా గడ్డలు ఉంటే అది బ్యాక్టీరియా కావచ్చు. అప్పుడు పరీక్ష చేసి అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ రాస్తారు. అది వాడుతూ కూడా పాలివ్వవచ్చు. పాపకు విరేచనాలు కాస్త పలుచనైనా, నోట్లో తెల్లని పూత వచ్చినా వైద్యుడికి చూపించండి, అంతేగానీ పాలు ఆపకండి. నోరు తెరవలేకపోయినా, ఉమ్మి మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా మీరు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పాప విషయంలో ఇంకా తొందరపడాలి. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, పాలు తాగడం బాగా తగ్గినా, మగతగా ఉన్నా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా ఇంట్లో మందు వేసి చూడకుండా, రాత్రయినా సరే, పిల్లల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.