ఆగిపొమ్మని బోనస్ ఇస్తామంటే…

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం ఏడాదికి 16.8 లక్షలు. 19 లక్షల ఆఫర్ వచ్చి మార్చి 26న రాజీనామా చేశాను. ఉండిపోతే 18.5 లక్షలు చేస్తాం, 2 లక్షల రిటెన్షన్ బోనస్ కూడా ఇస్తాం అంటున్నారు మేనేజర్. కార్డు బాకీ 1.6 లక్షలు ఉంది. నెల ఖర్చు 70 వేలు, సేవింగ్స్‌లో 40 వేలే. నాకైతే వెళ్ళిపోవాలనే ఉంది. ఆయనతో చెడకుండా ఎలా చెప్పాలి? 90 రోజుల నోటీసు పనిచేయకుండా, దానికి బదులు డబ్బు కట్టి వెళ్ళే బైఅవుట్‌ను పర్సనల్ లోన్‌తో చేసుకోవచ్చా?

జవాబు: బోనస్ అనగానే మీకు కార్డు బిల్లు గుర్తొచ్చింది. నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో సగం ఇంతే. ఆ 2 లక్షల్లో మీ శ్లాబు ప్రకారం 20 శాతం పన్ను, సెస్‌తో కలిపి 41,600 పోతే చేతికొచ్చేది 1,58,400. మీ కార్డు బాకీకి కూడా పూర్తిగా సరిపోదు. పైగా ఏడాది, ఏడాదిన్నర లోపు మానేస్తే బోనస్ వెనక్కి ఇవ్వాలన్న షరతు ఉంటుంది. చాలా ఒప్పందాల్లో కట్టమనేది పన్నుకు ముందు మొత్తాన్ని, అంటే పూర్తి 2 లక్షలు. ఇప్పుడే వెళ్ళాలనుకుంటున్న మనిషి ఈ తాడు మెడకు తగిలించుకోవడం దేనికి?

కొత్త కంపెనీ ఆఫర్ లెటర్, చేరే తేదీ మెయిల్‌లో ఖాయమయ్యాక మేనేజర్‌ను పది నిమిషాలు విడిగా అడగండి. ముందు మెయిల్ కొట్టేసి తర్వాత మాట్లాడితే ఆయనకు చిన్నతనంగా ఉంటుంది. మాట్లాడిన రోజే హెచ్‌ఆర్‌ను కూడా కలిపి మెయిల్ పెట్టండి. సారాంశం ఇలా ఉంటే చాలు: “నన్ను ఉంచుకోవాలని మీరు చేసిన ప్రయత్నానికి కృతజ్ఞతలు. ఆలోచించాను, రాజీనామా నిర్ణయం మార్చుకోవడం లేదు. నా చివరి పని దినం జూన్ 24. నా పనుల హ్యాండోవర్ పట్టిక శుక్రవారానికి పంపిస్తాను.”

ఇందులో జీతం ఊసు లేదు, ఫిర్యాదులు లేవు. కావాలనే. “ఎంతిస్తే ఉంటావు?” అని పైమేనేజర్ మళ్ళీ పిలిచి అడుగుతారు, చూడండి. అప్పుడు ఒక అంకె నోట్లోంచి వచ్చిందా, బేరం మళ్ళీ మొదలైనట్టే. “డబ్బు గురించి కాదండీ, నిర్ణయం అయిపోయింది” అని అదే మాట చెప్పండి. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కూడా పాత కోపాలు తీర్చుకోకండి. రిలీవింగ్ లెటర్ వాళ్ళ దగ్గరే తీసుకోవాలి, రెండేళ్ళ తర్వాత మరో కంపెనీ వెరిఫికేషన్‌కు ఫోన్ వెళ్ళేదీ ఈ మేనేజర్‌కే.

ఇక మీరు అడగనిదీ, నేను పోరు పెట్టేదీ ఒకటుంది. జూన్ జీతాన్ని చాలా కంపెనీలు ఆపి, మానేశాక చేసే చివరి లెక్క ఫుల్ అండ్ ఫైనల్‌లో కలుపుతాయి. అది చేతికి రావడానికి నెల, నెలన్నర పట్టొచ్చు. జూన్ 27న కొత్త చోట చేరితే ఆ నెల పేరోల్ అప్పటికే మూసేసి ఉంటుంది, ఆ నాలుగు రోజుల జీతం జూలై జీతంతో కలిసి వస్తుంది. అంటే మే 31 తర్వాత మళ్ళీ జూలై 31నే ఖాతాలో డబ్బు పడేది. రెండు నెలలకు మీకు 1.4 లక్షలు కావాలి, ఉన్నది 40 వేలు. మార్చి, ఏప్రిల్, మే జీతాల్లోంచి నెలకు 35 వేలు వేరే ఖాతాలో వేస్తే 1.05 లక్షలు, ఉన్నదాంతో కలిపి 1.45 లక్షలు. గండం గట్టెక్కుతుంది, అంతే. కొత్త జీతంలో మొదటి ఆరు నెలలు పెరిగిన డబ్బును ముట్టుకోకుండా ఈ నిధిని 4.2 లక్షలకు, అంటే ఆరు నెలల ఖర్చుకు చేర్చడం మొదలుపెట్టండి. అది నిండేదాకా కారు మాట, ఫ్లాట్ మాట నా దగ్గర ఎత్తకండి.

ఇప్పుడు చెప్పండి, ఇంత పలచగా ఉన్న ఖాతా మీద పర్సనల్ లోన్ ఏమిటండీ? చేరే తేదీ నెల వెనక్కి జరిగినా ఈఎంఐ మాత్రం చెప్పిన తేదీకే కొట్టుకుంటుంది. 90 రోజులూ పనిచేసే వెళ్ళండి. తొందర కొత్త కంపెనీదైతే బైఅవుట్ వాళ్ళే భరిస్తామని మెయిల్‌లో రాసివ్వాలి, ఆ మొత్తంపై పన్ను ఎవరిదో కూడా అందులోనే తేల్చుకోవాలి. కార్డు బాకీని ఆ బ్యాంకునే అడిగి ఈఎంఐగా మార్పించుకోండి. నెలకు మూడున్నర శాతం పడితే 1.6 లక్షల మీద వడ్డీయే 5,600.

కంపెనీ మెడికల్ పాలసీ సాధారణంగా చివరి పని దినంతో ఆగిపోతుంది. అమ్మానాన్నలు అందులో ఉంటే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉందేమో జూన్ మొదటి వారంలోనే హెచ్‌ఆర్‌ను అడగండి. పీఎఫ్ విత్‌డ్రా చేయకుండా కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి.