ఓమ్‌లు తగ్గుతున్నాయని లోతుకు పోకండి

ప్రశ్న: హైదరాబాద్ శివారులో చిన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు ఎర్తింగ్ వేయాలి. నాలుగు ప్రోబ్‌లతో కొలిస్తే, వాటి మధ్య దూరం పెంచేకొద్దీ ఓమ్‌లు తగ్గుతూ వచ్చాయి. అంటే కింద నేల బాగున్నట్టే కదా? 6 మీటర్ల రాడ్లు దించితే సరిపోతుందా? రీడింగులన్నీ సగటు చేసి డిజైన్ చేయొచ్చా?

జవాబు:

నేనూ మొదటిసారి ఇలాగే బోర్లా పడ్డాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఎర్త్ టెస్టర్ చూపించేది నేల గుణం కాదు, ఆ దూరంలో వచ్చిన ఓమ్‌లు మాత్రమే. దాన్ని దూరంతో గుణిస్తేనే రెసిస్టివిటీ వస్తుంది. పైనుంచి కిందిదాకా ఒకే రకం మట్టి ఉన్నా, దూరం రెట్టింపు చేస్తే ఓమ్‌లు సగమవుతాయి. కాబట్టి తగ్గాయా లేదా అని కాదు, సగానికి తగ్గాయా అని చూడాలి. అంతకంటే తక్కువ తగ్గితే కింద ఉన్నది పైదానికంటే చెడ్డ నేల అన్నమాట.

శంషాబాద్ వైపు మేం చేసిన ఒక సైట్ రీడింగులు ఇవి. `a` అంటే పక్కపక్క ప్రోబ్‌ల మధ్య దూరం.

```
ρ = 2πaR
a =  1 m   R = 10.2 Ω   ρ =  64 Ω·m
a =  2 m   R =  6.6 Ω   ρ =  83 Ω·m
a =  4 m   R =  5.4 Ω   ρ = 136 Ω·m
a =  8 m   R =  4.5 Ω   ρ = 226 Ω·m
a = 16 m   R =  3.4 Ω   ρ = 342 Ω·m
```

ఓమ్‌లు మూడో వంతుకు పడిపోయాయి, రెసిస్టివిటీ మాత్రం అయిదు రెట్లు పెరిగింది. దూరం పెంచితే కరెంటు ఇంకా లోతుకు దిగి తిరిగొస్తుంది కాబట్టి, ఈ పట్టికను దాదాపుగా లోతుల పట్టికలాగే చదువుకోవచ్చు. రెండు పొరల నమూనాకు సరిపెట్టి చూస్తే పైన 2 మీటర్ల మట్టి సుమారు 60 ఓమ్-మీటర్లు, దాని కింద మొరం, రాయి కలిసి సుమారు 600 అని తేలింది. మన దగ్గర ఇందులో వింతేమీ లేదు. నగరం కూర్చున్నదే గ్రానైట్ మీద, బంజారాహిల్స్‌లో ఇంటికి పునాది తీసిన ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు.

ఇప్పుడు మీ 6 మీటర్ల రాడ్ సంగతి. రాడ్‌లో ఒక్కో ముక్క నేలలోకి వదిలే కరెంటు, ఉజ్జాయింపుగా, దాని పొడవుకు అనులోమంగానూ చుట్టూ ఉన్న నేల రెసిస్టివిటీకి విలోమంగానూ ఉంటుంది. మట్టిలో ఉన్న 2 మీటర్లకు 2/60, రాయిలో దిగిన 4 మీటర్లకు 4/600. అంటే డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి అంత కష్టపడి దించిన 4 మీటర్లు, పైనున్న 2 మీటర్లు చేసే పనిలో ఐదో వంతే చేస్తాయి. మా కాంట్రాక్టర్‌కు డ్రిల్లింగ్ మీటరు లెక్కన బిల్లు, కాబట్టి ఆయనకు ఈ లెక్క నచ్చలేదు.

సగటు గురించి. రీడింగులన్నీ దగ్గరదగ్గరగా ఉంటే సగటుకు అర్థం ఉంటుంది. ఇక్కడ 64 నుంచి 342 దాకా ఉన్న అయిదు అంకెల సగటు 170, అలాంటి నేల ఆ సైట్‌లో ఎక్కడా లేదు. ఏ విలువ తీసుకోవాలన్నది నేలలో వలలా పాతే మీ పట్టీల గ్రిడ్ ఎంత వెడల్పో దాన్నిబట్టి ఉంటుంది. మాది 30 × 24 మీటర్లు, 720 చదరపు మీటర్లు. అంత వైశాల్యమున్న వృత్తానికి వ్యాసార్థం 15 మీటర్లు. గ్రిడ్ నుంచి కరెంటు దాదాపు ఆ లోతు దాకా పాకుతుంది. కాబట్టి గ్రిడ్ ఓమ్‌లకు 16 మీటర్ల దగ్గరి రీడింగే సరైన చుట్టం.

```
Rg ≈ (ρ/4)·√(π/A)
ρ = 64  →  1.1 Ω
ρ = 170 →  2.8 Ω
ρ = 342 →  5.6 Ω
```

కండక్టర్ పొడవు వల్ల దీనికి ఇంకో చిన్న భాగం కలుస్తుంది. మా కన్సల్టెంట్ డ్రాయింగ్‌లో సగటుతో లెక్కవేసి 3 దగ్గర చూపించారు. పట్టీలు పాతి, ఏ లైనూ కలపకముందు కొలిస్తే 5.8 వచ్చింది. మన వాడుకలో 33/11 కేవీకి అడిగే అంకె 2 ఓమ్‌లు. మీటరు పాడైందేమోనని ఇంకోటి తెచ్చారు, అదీ అదే చూపించింది.

ఇలాంటి నేలలో లోతుకు కాదు, అడ్డంగా పోవాలి. ఓమ్‌లు వైశాల్యపు వర్గమూలానికి విలోమం కాబట్టి, సగం చేయాలంటే స్థలం నాలుగింతలు కావాలి, అది ఎవరి దగ్గరా ఉండదు. మేం అప్రోచ్ రోడ్డు వెంట పల్లం వైపు 120 మీటర్ల జీఐ పట్టీని, పై మట్టిలోనే, 60 సెంటీమీటర్ల లోతున పాతాం. మొత్తం 3.2కి దిగింది. వచ్చే 33 కేవీ లైన్ ఎర్త్ వైరు కలిపితే ఇంకా తగ్గుతుంది. 3 మీటర్ల పైపు ఎలక్ట్రోడ్లు మానేయలేదు. లైట్నింగ్ అరెస్టర్, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దగ్గర అవి ఉండాల్సిందే, ఓమ్‌లు తగ్గించే పని మాత్రం వాటిమీద పెట్టలేదు.

2 ఓమ్‌లు రాలేదని కుంగిపోకండి, మనిషికి తగిలేది టచ్ వోల్టేజ్, అంటే ఫాల్ట్ వేళ యార్డులో ఇనుమును ముట్టుకుంటే చేతికీ పాదాలకీ మధ్య వచ్చేది. అది ఎక్కువగా పట్టీల మధ్య ఎడం, పై పొర మట్టి మీద ఆధారపడుతుంది. ఆ విషయంలో 60 ఓమ్-మీటర్ల మట్టి మనకు మేలే. కానీ అదే మట్టి మీద నిలబడ్డ మనిషి పాదాలకు అడ్డేమీ ఉండదు. ఫాల్ట్ అర సెకనులో తెగితే, 50 కిలోల మనిషికి ఐఈఈఈ 80 ప్రమాణం లెక్కన వట్టి మట్టి మీద సుమారు 180 వోల్టుల దాకానే ఓర్చుకోవచ్చు. 10 సెంటీమీటర్ల జల్లి పరిచి, తడిసినా దాని రెసిస్టివిటీ 3000 ఉంటుందనుకుంటే అది సుమారు 680కి పెరుగుతుంది. కాబట్టి యార్డులో జల్లి మీద మట్టి పేరుకుపోతే తీసి మళ్లీ వేయించండి.

ఇదంతా మీ రీడింగులు నిజమైతేనే. మొదటిరోజు మా 4 మీటర్ల రీడింగ్ 1.9 వచ్చింది. ముందువెనకలు 6.6, 4.5 ఉండగా మధ్యలో ఒక్కటే అలా గోతిలో పడితే అది మట్టి పని కాదు. మా లైన్‌మన్ అన్న అటూఇటూ తిరిగి "సార్, ఇక్కడ పాత నీళ్ల పైపు ఉన్నట్టుంది" అన్నాడు. లైన్‌ను 90 డిగ్రీలు తిప్పి కొలిస్తే 5.4 వచ్చింది. అందుకే ప్రతి సైట్‌లో కనీసం రెండు అడ్డదిశల్లో కొలవండి. బోరు కేసింగ్, పాత ఎర్త్ పట్టీ, ఇనుప కంచె కూడా ఇదే మోసం చేస్తాయి. 16 మీటర్ల ఎడానికి మొత్తం 48 మీటర్ల వరుస కావాలి. ప్లాట్‌లో పట్టకపోతే రోడ్డు మీదికి పోండి గానీ, 4 మీటర్ల దగ్గర ఆపి సంతకం పెట్టకండి.

ప్రోబ్‌ను దూరంలో ఇరవయ్యో వంతుకు మించి దించకూడదు. 1 మీటరు దగ్గర అంటే 5 సెంటీమీటర్లే. గట్టి మొరంలో అది నిలబడక మా వాళ్లు అడుగు లోతు కొట్టేశారు, ఆ రీడింగులు పారేశాం. పట్టు దొరక్క మీటరు ఎర్రర్ చూపిస్తే కరెంటు ప్రోబ్‌ల మొదట్లో చెంబెడు నీళ్లు పోయండి, తప్పులేదు. నాలుగు ప్రోబ్‌ల పద్ధతిలో మొన దగ్గరి పట్టు ఓమ్‌లు రీడింగ్‌లో కలవవు.

మీరు కొలిచింది వానలు పడ్డాక అయితే పై పొర అంకెను నమ్మకండి. రోహిణి కార్తెలో అదే చోట 1, 2 మీటర్ల రీడింగులు మళ్లీ తీసి డ్రాయింగ్ ఖరారు చేయండి. 16 మీటర్ల రీడింగ్ అంతగా మారదు.