వీపీఎన్ ఆన్‌లో ఉంటే మీటింగ్ ఎందుకు తడబడుతుంది?

వీపీఎన్ వేస్తే వీడియో మీటింగ్‌లో గొంతు తెగిపోతోంది, ఆఫ్ చేస్తే బాగవుతుందా?

ముందు వీపీఎన్ సర్వర్ ఎక్కడుందో చూడండి. మీరు హైదరాబాద్‌లో, అవతలివాళ్లు బెంగళూరులో ఉన్నా, సర్వర్ అమెరికాలో ఉంటే మీ మాట సముద్రాలు దాటొచ్చి ఆలస్యంగా చేరుతుంది, అందుకే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటారు. ఇంకో తంటా ఉంది: కాల్స్ మామూలుగా యూడీపీ అనే డేటా పంపే పద్ధతిలో వెళ్తాయి, పోయిన ముక్కను వదిలేసి సాగిపోతాయి, కొన్ని వీపీఎన్‌లు యూడీపీని అడ్డుకుంటే కాల్ టీసీపీ అనే ఇంకో పద్ధతికి మారి, పోయిన ముక్క మళ్లీ వచ్చేదాకా మిగతావన్నీ ఆగుతాయి, బొమ్మ బిగుసుకుపోతుంది.

జూమ్ అయితే కాల్‌లో ఉండగా Settings > Statistics తెరిచి Latency, అంటే మాట చేరడానికి పట్టే ఆలస్యం, ఎంతుందో చూడండి. వీపీఎన్ తీశాక 300 మిల్లీసెకన్లు కాస్తా 50కి దిగితే దోషి దొరికినట్టే, దిగకపోతే వైఫైని అనుమానించండి. మీటింగ్‌కి ముందే ఆఫ్ చేయండి, మధ్యలో తీస్తే ఐపీ మారి కాసేపు కాల్ తెగుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లని స్ప్లిట్ టనెలింగ్ అడగండి, కాల్ ఒక్కటే నేరుగా బయటికి వెళ్తుంది.