మైకు ఎక్కడుందో చూడు

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మూకీల గురించి రాసిన భాగం బాగుంది. మూడో పేరాకి వచ్చేసరికి మాత్రం, 'శబ్దం రాగానే కెమెరా కదలడం మానేసింది, గొంతు బాగాలేని నటులు ఇంటిదారి పట్టారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అందరూ రాసే మాటే ఇది. అందులో సగం నిజం ఉంది. తక్కిన సగం కోసమే ఈ ఉత్తరం.

1927 సెప్టెంబరు 23న న్యూయార్క్‌లో మర్నావ్ తీసిన 'సన్‌రైజ్' విడుదలైంది. అందులో ఒక రాత్రి సన్నివేశం ఉంది. హీరో పొగమంచులో, బురదనేల మీద, చెట్ల మధ్య నుంచి నడుచుకుంటూ పట్నం ఆడమనిషిని కలవడానికి వెళ్తుంటాడు. కెమెరా గాల్లో తేలుతున్నట్టు అతన్ని వెంబడిస్తుంది. సెట్ పైన పట్టాలు బిగించి, కెమెరాని వాటికి వేలాడదీసి తీశారు. ఆ తర్వాత రెండు వారాలకే, అక్టోబరు 6న, 'ద జాజ్ సింగర్' వచ్చింది. టాకీల చరిత్ర అక్కడే మొదలుపెట్టడం మనకి అలవాటు. కానీ 'సన్‌రైజ్' కూడా శబ్దంతో వచ్చిన సినిమాయే! బొమ్మ పక్కనే, ఫిల్ము మీదే అచ్చయిన సంగీతం, చప్పుళ్ళు అందులో ఉన్నాయి. అయినా కెమెరా హాయిగా తిరిగింది. ఎందుకంటే ఆ శబ్దం షూటింగు అయ్యాక కలిపింది. కాబట్టి కెమెరాని కట్టిపడేసింది శబ్దం కాదు, సెట్ మీదికి వచ్చిన మైకు.

మన ఊళ్ళలో పద్యనాటకాలు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. స్టేజి మీద తాళ్ళకి మైకులు వేలాడుతుంటాయి. కృష్ణుడు ఎంత కోపంలో ఉన్నా సరే, పద్యం అందుకునే ముందు రెండడుగులు వేసి మైకు కిందికి వస్తాడు. 1928, 29ల్లో హాలీవుడ్ నటుల పరిస్థితి ఇదే. కాకపోతే వాళ్ళ మైకు పూలకుండీలోనో, ఫోను వెనకో దాక్కుని ఉండేది. నడుస్తూ మాట్లాడితే గొంతు సన్నబడిపోతుంది. అందుకే ముగ్గురు మనుషులు ఉన్నట్టుండి ఒక బల్ల చుట్టూ చేరి, ఒకరి మాట పూర్తయ్యాకే ఇంకొకరు నోరు విప్పేవారు. ఆ రోజుల సినిమా చూసేటప్పుడు నటుల కాళ్ళు గమనించు. ఎక్కడ ఆగుతున్నారో అక్కడ మైకు ఉన్నట్టే లెక్క.

కెమెరా సంగతికి వద్దాం. మోటారు చప్పుడు మైకులో పడకుండా కెమెరానీ, దాన్ని నడిపే మనిషినీ కలిపి ఒక గదిలాంటి పెట్టెలో పెట్టి తలుపు వేసేవారు. ముందు గాజు కిటికీ, లోపల ఉక్క. ఇదంతా చాలామంది రాశారు. ఎక్కువమంది రాయనిది దీపాల సంగతి. వార్నర్ వాళ్ళ వైటాఫోన్ పద్ధతిలో శబ్దం మైనపు పళ్ళెం మీద రికార్డయ్యేది. పళ్ళేన్ని మధ్యలో కోసి అతికించలేరు. సన్నివేశం మొత్తం ఏకధాటిగా నడవాల్సిందే. మరి క్లోజప్పులు కావాలంటే? రెండు మూడు పెట్టెల్లో కెమెరాలు పెట్టి, దూరంగానూ దగ్గరగానూ ఒకేసారి తీసేవారు. ఇక్కడే నష్టం జరిగింది. మూకీల్లో హీరోయిన్ ముఖానికి క్లోజప్ తీయాలంటే, ఆ ఒక్క షాట్ కోసం దీపాలు సర్దేవారు. మూడు కెమెరాలు ఒకేసారి చూస్తుంటే ఏ ఒక్కదానికీ సరిపోయేలా దీపం పెట్టలేరు. అన్ని వైపులా సమంగా వెలుగు పరిచేశారు. ఆనాటి టాకీల్లో ముఖాలు చప్పగా కనిపించడానికి ఇదొక పెద్ద కారణం. నటన పడిపోయిందని మనం అనుకునేదాంట్లో కొంత నిజానికి దీపాల తప్పే.

ఇంకొకటి. మూకీ తీసేటప్పుడు దర్శకుడు పక్కనే నిలబడి, 'ఇప్పుడు తలెత్తు, అతను వెళ్ళిపోతున్నాడు, ఇప్పుడు ఏడుపొస్తోంది' అని షాట్ నడుస్తుండగానే చెప్పేవాడు. మూడ్ కోసం సెట్ మీద వయొలిన్ వాయించేవారు. మైకు రాగానే ఆ గొంతూ, ఆ వయొలినూ మూగబోయాయి. నటుడు మొత్తం ముందే నేర్చుకుని ఒంటరిగా చేయాల్సి వచ్చింది. నాకు దీని రుచి తెలుసు. కుర్రతనంలో రేడియో నాటకానికి వెళ్ళి, నా కాగితం తిరగేసిన చప్పుడుకి ఒక టేకు మొత్తం పాడుచేశాను. ఆ తర్వాత డైలాగు మీద ధ్యాస ఎక్కడిది? టెన్షనంతా కాగితం మీదే.

ఇక నువ్వు తప్పకుండా చూడాల్సిన సినిమా 1929లో ఇంగ్లండులో హిచ్‌కాక్ తీసిన 'బ్లాక్‌మెయిల్'. మూకీగా మొదలైన సినిమా. మధ్యలో టాకీ చేయాలనుకున్నారు. మూకీ ప్రతి కూడా మిగిలి ఉంది కాబట్టి ఒకే కథ రెండు రకాలుగా చూడొచ్చు. కథానాయిక లండన్‌లో పొగాకు కొట్టువాడి కూతురు. ఆ వేషం వేసిన ఆనీ ఓండ్రాది చెక్ యాస. తర్వాత డబ్బింగు చెప్పించే సౌకర్యం అప్పటికి లేదు. అందుకని జోన్ బ్యారీ అనే ఇంగ్లీషు నటి ఫ్రేము బయట మైకు దగ్గర నిలబడి డైలాగులు చెబుతుంటే, ఓండ్రా అదే క్షణంలో పెదవులు కదిపింది. ఎంత కష్టమో ఊహించు. మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ మింగాలో ఆమె చేతిలో లేదు. నా మటుకు నాకు ఆమె నటన మాటల్లేని చోటే బాగుంటుంది.

ఆ మాటల్లేని చోటునే హిచ్‌కాక్ వాడుకున్నాడు. తన మీద చెయ్యి వేసిన చిత్రకారుణ్ణి ఆ అమ్మాయి రొట్టె కోసే కత్తితో పొడిచేసి, రాత్రంతా వీధుల్లో తిరిగి, తెల్లారి ఇంట్లో ఫలహారానికి కూర్చుంటుంది. పొరుగింటావిడ వచ్చి హత్య గురించి వాగుతూ ఉంటుంది. మనకి కనిపించేది అమ్మాయి ముఖం. వాగుడు మెల్లగా గొణుగుడైపోయి, అందులోంచి 'కత్తి' అన్న మాట ఒక్కటే తేటగా వినిపిస్తుంది. మళ్ళీ గొణుగుడు, మళ్ళీ కత్తి. తండ్రి రొట్టె కోయమంటాడు. ఆమె కత్తి అందుకుంటుంది. అంతలో ఆ మాట అరుపులా పడుతుంది. చేతిలో కత్తి ఎగిరిపోతుంది.

ఇందులో కెమెరా చేసిన విన్యాసం పెద్దగా ఏమీ లేదు. మాట్లాడే మనిషిని వదిలేసి వినే మనిషి దగ్గర ఉండిపోయింది, అంతే. అప్పటిదాకా గొంతు ఎక్కడుంటే బొమ్మ అక్కడ ఉండాలనుకున్నారు. ఇక్కడ రెండూ విడిపోయాయి. మనం వింటున్నది గదిలో మాట కాదు, ఆమె చెవిలో పడుతున్న మాట. మూకీ ప్రతిలో దీనికి వీలే లేదు.

అదే ఏడాది న్యూయార్క్‌లో రూబెన్ మమూలియన్ 'అప్లాజ్' తీస్తూ ఇంకో ముడి విప్పాడు. తల్లి జోలపాట పాడుతుంటే కూతురు గుసగుసగా ప్రార్థన చేయాలి. ఒక మైకుతో పాట పట్టుకుంటే గుసగుస పోతుంది. అయితే రెండు మైకులు పెట్టండి, విడివిడిగా రికార్డు చేసి తర్వాత కలపండి అన్నాడాయన. నాటకరంగం నుంచి కొత్తగా వచ్చినవాడు కాబట్టి, సాంకేతికులు కాదన్న సంగతి అంతగా పట్టించుకోలేదనుకుంటాను. కెమెరా పెట్టెని కూడా చక్రాల మీద తోయించాడు.

గొంతు బాగాలేక పోయిన నటుల జాబితాలో నువ్వు జాన్ గిల్బర్ట్ పేరు రాశావు. అదే మమూలియన్ 1933లో తీసిన 'క్వీన్ క్రిస్టినా'లో ఆయన గొంతు ఒకసారి విను. ఏ లోపమూ లేదు. ఆ వాక్యం కొట్టెయ్.

మన సంగతి చివర్లో రాస్తే చాలు, కానీ సరిగ్గా రాయి. హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద' తీసింది బొంబాయిలో. లీలావతిగా వేసిన సురభి కమలాబాయి నాటకాల నుంచి వచ్చిన మనిషి. ప్లేబ్యాక్ లేని రోజులు. నటిస్తూనే పాడాలి, వాద్యాలవాళ్ళు ఫ్రేము బయట కూర్చుని వాయించాలి. గొంతు ఉన్న నటులకే వేషాలు దక్కడం వెనక ఉన్నదీ ఆ మైకే.

'బ్లాక్‌మెయిల్'లో ఆ ఫలహారం బల్ల సన్నివేశం రెండు ప్రతుల్లోనూ చూశాక, టాకీ ప్రతిలో మైకు ఎక్కడ పెట్టి ఉంటారో ఒక కాగితం మీద గీసి పంపు. నేనూ ఒకటి గీసి పెట్టుకున్నాను. తలుపు దగ్గర ఒకటి, బల్ల దగ్గర ఒకటి అని నా లెక్క. నీ లెక్క ఏమిటో చూద్దాం.

ఉంటాను,
అన్నయ్య