‘నేను లేకున్నా’ అన్న పిల్లవాణ్ని ఏమని అడగాలి?

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర పల్లె. రవంత మామిడి తోట, టమోటా సేద్యం ఉంది. మా అబ్బోడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదివినాడు. పరీక్షలైపోయి ఇంటికొచ్చినప్పుడు మ్యాథ్స్, ఫిజిక్స్ పోతాయని అంటా ఉండె. ఇప్పుడు ఆ మాట కూడా ఎత్తడు. రాత్రిళ్లు నిద్రపోడు. ప్రాణంగా చూసుకునే క్రికెట్ బ్యాటు మా మరిది కొడుక్కి ఇచ్చేసినాడు. మొన్న చెల్లెలితో ‘నేను లేకున్నా అమ్మను బాగా చూసుకో’ అన్నాడంట. మా ఆయన ‘అదంతా రిజల్ట్స్ టెన్షన్, నువ్వు అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుంది’ అంటాడు. వారంలో ఫలితాలు. నేనేం చేయాలి? – ఒక తల్లి, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, అడగండి. ఫలితాల దాకా ఆగకుండా, ఇది చదివిన రోజే అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం మీ ఆయనొక్కరిదే కాదు, చదువుకున్నవాళ్లలోనూ ఉంది. కానీ ఆత్మహత్య గురించి నేరుగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదని ఎన్నో పరిశోధనల్లో తేలింది. ఆ ఆలోచన ముందే ఉన్న పిల్లవాడికైతే, దాన్ని ఒంటరిగా మోయాల్సిన అవసరం తప్పుతుంది.

ఇది టెన్షనా, అంతకు మించినదా అన్నది మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. టెన్షన్ పడే పిల్లవాడు విసుక్కుంటాడు, రిజల్ట్స్ ఎప్పుడని పదిసార్లు ఫోన్ చూస్తాడు, ‘పోతే ఏం చేసేది’ అని అడుగుతాడు. వాడి భయమంతా రేపటి గురించే, అంటే రేపు ఉంటుందనే లెక్కలోనే ఉన్నాడు. మీ వాడు ఆ రేపటి మాటే మానేశాడు. ఇష్టమైన వస్తువు ఇచ్చేశాడు, తాను లేని ఇంటి గురించి చెల్లెలికి చెప్పాడు. వీటిని టెన్షన్ ఖాతాలో వేయకూడదు. రేపో ఎల్లుండో ఉన్నట్టుండి ప్రశాంతంగా, సరదాగా కనిపించినా ‘హమ్మయ్య, తేరుకున్నాడు’ అనుకోకండి. ఒక నిర్ణయానికి వచ్చినవాళ్లలోనూ అలాంటి నెమ్మది కనిపిస్తుంది.

ఎలా అడగాలన్నది ముఖ్యం. అందరూ అడిగే తీరు ఒకటుంది: ‘నువ్వేం పిచ్చి పనులు చేయవు కదా?’ ఆ ప్రశ్నలోనే ‘చేయను’ అనే జవాబు ఉంది. వాడు అదే చెప్పి లేచిపోతాడు. భోజనాలయ్యాక, చెల్లెలు పక్కన లేనప్పుడు, మిద్దె మీదో తోటకు నడిచే దారిలోనో, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మీరు చూసినదే చెప్పండి: ‘నాయనా, నువ్వు నిద్రపోవడం లేదు. బ్యాటు ఇచ్చేసినావు. చెల్లితో అన్న మాట నాకు తెలిసింది. నీకు చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా?’ ఆ మాట నోట్లోంచి రావడం కష్టమే. డొంకతిరుగుడుగా అడిగితే మాత్రం జవాబు కూడా అలాగే వస్తుంది.

‘అదేం లేదులేమ్మా’ అంటే వెంటనే నమ్మేయకండి, గద్దించనూ వద్దు. ‘సరే. ఎప్పుడన్నా అట్లా అనిపిస్తే నాతో చెప్పు, నేను తిట్టను, ఏడవను’ అని చెప్పి కాసేపు అక్కడే కూర్చోండి. చాలామంది పిల్లలు రెండోసారో మూడోసారో అడిగినప్పుడే చెబుతారు.

‘అనిపిస్తా ఉంది’ అన్నాడనుకోండి. అప్పుడు మీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తిరగనివ్వండి, కానీ ‘మమ్మల్ని ఏం చేద్దామనుకున్నావురా’ అనకండి. ‘నా మీద ఒట్టు వెయ్’ అని కూడా అడగొద్దు. ఒట్టు వేయించుకుంటే మీకు ధైర్యంగా ఉంటుంది, వాడికి మాత్రం ఆ తర్వాత అనిపించినప్పుడు చెప్పుకోవడానికి మనిషి లేకుండా పోతుంది. ‘చెప్పినావు, మంచిపని చేసినావు’ అనండి. తర్వాత ఇంకో రెండు మాటలు తప్పకుండా అడగాలి: ఎట్లా అని అనుకున్నావా? ఎప్పుడని అనుకున్నావా?

ఆ రెండింటికీ వచ్చే జవాబును బట్టే మీరు ఎంత త్వరపడాలో తెలుస్తుంది. ‘ఊరికే అనిపిస్తాది, ఏమీ అనుకోలేదు’ అంటే మర్నాడే డాక్టరుకు చూపించాలి, ఆ రాత్రి మీ పక్కనే పడుకోబెట్టుకోవాలి. ఎలాగో, ఎప్పుడో చెప్పాడంటే, ముఖ్యంగా ‘రిజల్ట్స్ వచ్చినరోజు’ అన్నాడంటే, తెల్లారేదాకా ఆగకండి. చిత్తూరు ప్రభుత్వ ఆస్పత్రికి గానీ, తిరుపతి రుయాకు గానీ ఆ రాత్రే తీసుకెళ్లి, అత్యవసర విభాగంలో ‘చనిపోవాలనుకుంటున్నాడు’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జ్వరమనో నీరసమనో చెబితే ఆ వైద్యమే చేసి పంపిస్తారు. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. వాణ్ని నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు.

వీటన్నిటికంటే ముందు, అడగడానికి ధైర్యం చాలకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు మీరే ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అది బాధలో ఉన్నవాళ్లకే కాదు, వాళ్ల గురించి భయపడుతున్న ఇంట్లోవాళ్లకు కూడా. మీవాడికి కూడా ఆ నంబరు ఇవ్వండి. తల్లికి చెప్పుకోలేనిది ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పే పిల్లలు ఉన్నారు.

ఇప్పుడు మీ ఆయన చేయాల్సిన పని. సేద్యం చేసే ఇల్లంటే మామిడికి, టమోటాకు కొట్టే మందుల డబ్బాలు ఉంటాయి, సగం వాడి మూలన పెట్టినవీ ఉంటాయి. ఫలితాలకు ముందే అవన్నీ ఇంటినుంచీ, తోటలోని షెడ్డునుంచీ పోవాలి. అటక మీద దాచడం లెక్కలోకి రాదు, ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడికి అన్ని మూలలూ తెలుసు. మీ మరిది ఇంట్లోనో ఇంకో నమ్మకమైన మనిషి దగ్గరో తాళం వేసి పెట్టించండి. మందు కొట్టాల్సిన రోజు కావలసినంతే తెచ్చుకుని, మిగిలింది ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేయాలి. ఇంట్లో బీపీ, షుగర్, నిద్ర మాత్రలు వాడే పెద్దవాళ్లుంటే రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే బయట ఉండాలి.

‘చేసేవాడు ఎట్లాగైనా చేస్తాడు, డబ్బాలు దాస్తే ఆగుతాడా’ అని ఆయన అనొచ్చు. ఆగుతారు. చనిపోవాలన్న ఆ ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపట్లో చేతికి ఏదీ అందకపోతే అది దాటిపోతుంది, దాటినవాళ్లలో ఎక్కువమంది మరో దారి వెతుక్కోరు. శ్రీలంకలో 1990ల నుంచి బాగా ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు. ఆ తర్వాత ఆ దేశంలో ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గిపోయాయి. సేద్యం మానలేదు, కష్టాలూ తీరలేదు, ఆ ప్రమాదకరమైన మందులు మాత్రం దొరకలేదు.

ఇంత జాగ్రత్తపడ్డాక కూడా ఏదైనా మింగాడని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. 108కి ఫోన్ చేసి, ఆ డబ్బానో మాత్రల అట్టనో వెంట తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి. పోలీసు కేసవుతుందని, పరువు పోతుందని వెనకాడి ఆలస్యం చేసే కుటుంబాలున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

ఫలితాల రోజు సంగతి ముందురోజే వాడితో కూర్చుని తేల్చుకోండి. హాల్ టికెట్ నంబరు ఎవరు కొట్టాలి, పక్కన ఎవరుండాలి, ఎవరు ఉండకూడదు అన్నది వాణ్నే చెప్పమనండి. ‘నాయన వద్దు, నువ్వే చూడు’ అంటే అలాగే. వాడొక్కడే ఫోను పట్టుకుని తోటలోకి పోవడం మాత్రం కుదరదని చెప్పండి. ఆ గంటలో మీ ఇద్దరి ఫోన్లూ మోగుతూనే ఉంటాయి. హాస్టల్ నుంచి, బెంగళూరులో ఉండే బంధువుల నుంచి, పోయినేడాది తమ పిల్లోడికి ఎన్నొచ్చాయో చెప్పుకోవడానికే చేసేవాళ్ల నుంచి కూడా! ఎత్తే పని మీ మరిదికి అప్పజెప్పండి, ‘రేపు మాట్లాడతాం’ అని ఒక్క మాటతో ముగించమనండి. వాడి ఫోను మాత్రం లాక్కోకండి. ఫెయిలైన పిల్లవాడికి ఆ రోజు బాగా కావలసింది, తనలాగే ఫెయిలైన ఇంకో స్నేహితుడు. అలాంటివాడు ఉంటే ఇంటికి రమ్మనండి, రెండు రోజులు ఉండిపొమ్మనండి. ఊళ్లో ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే రోజులవి, తిరుపతి హాస్టల్లో సామాన్లు తెచ్చుకోవడంలాంటి పనులుంటే వాణ్ని పంపకుండా మీ ఆయనే వెళ్లాలి.

ఫెయిలైతే ఏమవుతుందో ఫలితాలకు ముందే, మామూలు విషయంలా వాడి చెవిన వేయండి. తప్పిన సబ్జెక్టులే మళ్లీ రాయాలి, పాసైనవి ఎక్కడికీ పోవు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ మన దగ్గర ఎక్కువగా మే నెలలోనే పెడతారు, అందులో గట్టెక్కినవాళ్లు అదే ఏడాది డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరుతున్నారు. మార్కులు మరీ అన్యాయంగా అనిపిస్తే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ అని రెండున్నాయి. మొదటిదాంట్లో వేసిన మార్కుల కూడిక సరిగ్గా ఉందో లేదో చూస్తారు, రెండోదాంట్లో దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయేమో కూడా చూసి, జవాబు పత్రం స్కాన్ కాపీ ఇస్తారు. వీటికీ, సప్లిమెంటరీ ఫీజుకూ ఇచ్చే గడువు కొద్ది రోజులే. రీవెరిఫికేషన్‌లో కలుస్తాయని ఆశపడి సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానొద్దు, రెండూ చేయండి. ఈ తిరుగుడంతా పెద్దవాళ్లు చూసుకోవాలి. ఫలితాలొచ్చిన సాయంత్రమే వాడి ముందు పుస్తకాలు పెట్టకండి.

ఇంకో సంగతి. వాడు పాసైపోవచ్చు కూడా. ఇంట్లో కోడి కోస్తారు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, డాక్టరు మాట ఎవరికీ గుర్తుండదు. అనుకున్నదానికంటే తక్కువ మార్కులతో పాసైన పిల్లలూ, పాసై కూడా ఎంట్రన్స్ ర్యాంకు గురించి కుమిలేవాళ్లూ ఉన్నారు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం డిప్రెషన్ అయివుండొచ్చు, అది మార్కుల మెమోతో తగ్గే జబ్బు కాదు. కాబట్టి ఫలితం ఏదైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మానొద్దు. మందులు రాస్తే అవి పనిచేయడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, ఆ వారాల్లో మాత్రలు మీ చేతిమీదుగానే ఇవ్వండి. తోటలోంచి తీసేసిన డబ్బాలను కూడా, డాక్టరు ఇక ఫరవాలేదనేదాకా మీ మరిది దగ్గరే ఉంచండి.